ఒడ్డు నంబరు

కనకదుర్గతో గొడవ పెట్టుకునే ముందు ఎవరైనా ఒకసారి జంగ్లీఘాట్ చేపల బజారుకి వెళ్ళి వాళ్ళమ్మని చూసి రావాలి. మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. కాళమ్మ, ఆమె చెల్లెలు సీతాలు ఒకే అరుగు మీద పక్కపక్కనే తట్టలు పెట్టుకుని కూర్చుంటారు. ఇద్దరికీ మాటల్లేవు. ఎప్పుడో ఐసు పెట్టె దగ్గర మొదలైన తగువు అది, కారణం ఇద్దరికీ సరిగ్గా గుర్తుందో లేదో కూడా అనుమానమే. సీతాలు తట్టలో ఐసు కరిగిపోతే కాళమ్మ ఊరుకోదు, అలాగని నేరుగా చెప్పదు. ముందు నిలబడ్డ కొనుగోలుదారుతో అంటుంది: "అమ్మా, ఆ పక్కనున్న ఆవిడికి సెప్పండి, సూర సేపలు మెత్తబడిపోతన్నాయని." సీతాలు కూడా అదే మనిషితో, "నాకు కళ్ళున్నాయని సెప్పండి" అంటుంది. మధ్యలో నిలబడ్డవాళ్ళు చేప కొనడం మరిచిపోయి అటూ ఇటూ మాటలు మోస్తూ ఉంటారు.

ఆ కాళమ్మ కూతురే మా దుర్గ. బతు బస్తీలో పుట్టింది, పోర్ట్ బ్లెయిర్‌లోనే చదివింది, ఊళ్ళో ఉన్న మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో జూనియర్ డెవలపర్‌గా చేరింది. నేను స్క్రీన్లు గీస్తాను, ఆమె వాటి వెనక కోడ్ రాస్తుంది, మా బల్లలు పక్కపక్కనే. నా పేరు స్వాతి, అంతకుమించి నా గురించి ఈ కథలో పనిలేదు. దుర్గకి కోపం వస్తే అరవదు, ఏడవదు. గొంతు తగ్గిస్తుంది. చేపని ఉప్పేసి ఎండబెట్టినట్టు కోపాన్ని ఎండబెట్టి దాచుకుంటుంది.

ఆమె ఎండబెట్టి దాచుకున్న కోపం పేరు గోపినాథ్. మా టీమ్ లీడ్.

మేము తయారు చేస్తున్నది మత్స్యకారుల సంఘం కోసం ఒక యాప్. పడవ వేటకి వెళ్ళినట్టు జెట్టీ దగ్గర సంఘం వాళ్ళు రాసుకోగానే ఒడ్డున ఉన్నవాళ్ళ ఫోన్‌లో దాని పేరు నీలం రంగులోకి మారుతుంది. తిరిగొస్తే ఆకుపచ్చ. సముద్రం బాగోకపోతే హెచ్చరిక వస్తుంది, చెప్పిన వేళకి పడవ రాకపోతే ఫోన్ మోగుతుంది. జూన్‌లో దాన్ని కొందరి ఫోన్లలో ప్రయోగంగా పెట్టినప్పుడు, నిన్నటి తుఫాను హెచ్చరిక ఇవాళ కూడా అలాగే కనిపించింది. నీళ్ళు అద్దంలా ఉన్న రోజున పడవలన్నీ ఒడ్డునే కట్టేసుకుని కూర్చున్నాయి. కారణం చిన్నదే. ఎవరికో చూపించడం కోసం కోడ్‌లో ఒక తేదీని బిగించేశారు, తర్వాత తియ్యడం మరిచిపోయారు. ఆ మార్పు దుర్గ లాప్‌టాప్ నుంచి వెళ్ళింది కాబట్టి కోడ్ మార్పుల చిట్టాలో దుర్గ పేరే పడింది. ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నది మాత్రం గోపినాథ్.

అతను ఆ సంగతి చెప్పలేదు. సంఘం పెద్దలు కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులో, "జూనియర్ వల్ల జరిగిన పొరపాటు, చర్య తీసుకుంటాం" అని రాశాడు. మా యజమాని గణేశ్వరరావు గారు దుర్గ దగ్గర్నుంచి కోడ్ తీసేసి గోపినాథ్‌కి ఇచ్చారు, ఆమెని యాప్ పరీక్షించే పనిలో కూర్చోబెట్టారు. అంతవరకూ దుర్గ ఓర్చుకునేదేమో. కానీ మర్నాడు బజారులో ఎవరో కాళమ్మ తట్ట ముందు నిలబడి, "నీ కూతురి ఫోను అబద్ధాలాడతాదంట కదా, నీ సేపలు కూడా నిన్నటివేనేటి?" అన్నారు. కాళమ్మ ఇంటికొచ్చి ఆ మాట కూతురికి ఒక్కసారి చెప్పింది. దుర్గ ఆ రాత్రి అన్నం తినలేదని వాళ్ళ అన్న పైడిబాబు నాకు చెప్పాడు.

"వదిలెయ్యవే," అన్నాను నేను.

"వదుల్తాను. ఆ మాట ఎక్కడ రాశాడో అక్కడే, 'తప్పు నాది' అని తన చేత్తో రాసిన రోజు వదుల్తాను," అంది గొంతు తగ్గించి.

ఇక రిలీజ్ రోజు. జెట్టీ పక్కన షామియానా వేశారు, సంఘం పెద్దలు, ఇద్దరు ముగ్గురు అధికారులు వస్తున్నారు, నాలుగింటికి ప్రారంభం. యాప్‌ని ప్లే స్టోర్‌లో పెడితే వాళ్ళు తనిఖీ చేసి వదలడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు, అందుకని సంఘం సర్వర్‌లోనే పెట్టి లింకు ఇస్తున్నాం. వేదిక మీద పెద్ద క్యూఆర్ కోడ్ అతికించాం. ఆడవాళ్ళు ఫోన్ చూపిస్తే చాలు, యాప్ దిగిపోతుంది. అసలు పడవల జాబితా సర్వర్‌లోకి ఎక్కింది ఆ మధ్యాహ్నమే. జూన్‌లో ఫోన్లకి పంపింది హెచ్చరికలే, అప్పటిదాకా పడవలు మేము పరీక్షించినదంతా మేమే కల్పించిన పడవలతో, కల్పించిన నంబర్లతో.

ఇంకో గంట ఉందనగా దుర్గ నన్ను లాక్కుని వాళ్ళమ్మ అరుగు దగ్గరికి తీసుకెళ్ళింది. "అసలు మనిషి, అసలు నంబరుతో ఒక్కసారి చూద్దాం" అంది. కాళమ్మ చేతులు తుడుచుకుని, నడుముకి కట్టుకున్న సంచిలోంచి ఫోన్ తీసి ఇచ్చింది. గాజు ఒక మూల పగిలిన పాత ఫోను. యాప్ దిగింది. నంబరు అడిగింది, ఓటీపీ వచ్చింది, కొట్టాం. "మీ పడవలు తెస్తున్నాం" అని నేను గీసిన చిన్న పడవ బొమ్మ ఊగడం మొదలెట్టింది. రెండు ఊపులు ఊగి స్క్రీన్ మాయమైపోయింది.

దుర్గ మళ్ళీ తెరిచింది. ఈసారి నంబరు కూడా అడగలేదు. పడవ ఊగింది, మూసుకుపోయింది. మూడోసారీ అంతే.

"ఏటైందే? నా ఫోను పాడైపోయిందేటి?" అంది కాళమ్మ.

"నీ ఫోను కాదమ్మా," అని దుర్గ లాప్‌టాప్ తీసి అరుగు చివర ఐసు పెట్టె మీద పెట్టింది. ఫోన్‌కి కేబుల్ తగిలించింది. యాప్ చచ్చిపోయే ముందు ఫోన్ తన చిట్టాలో ఎందుకు చచ్చిపోయిందో రాసుకుంటుంది. యాప్‌ని ఇంకోసారి చంపి, ఆ చిట్టాలో ఎర్రగా పడ్డ వరుసలు చదివింది. సగం పేర్లు ఎవరికీ అర్థం కాకుండా కుదించి ఉంటాయి కానీ డేటాబేస్ చెప్పే మాట మాత్రం తిన్నగా ఉంటుంది. ఫోన్ నంబరు అనే గడిలో ఒకసారి ఉన్నది మళ్ళీ రాకూడదన్న షరతు తప్పింది, అని.

దుర్గ నవ్వింది. సంతోషంతో నవ్విన నవ్వు కాదు అది.

మా దీవుల్లో పడవల వాళ్ళకి ఒక అలవాటు ఉంది. సముద్రం మీద ఫోన్ పనిచెయ్యదు, పనిచేసినా తడుస్తుంది. అందుకని ఎక్కడ పేరు రాయించినా మగవాడు తన నంబరు ఇవ్వడు, ఒడ్డునున్న ఆడమనిషి నంబరు ఇస్తాడు. దాన్నే ఒడ్డు నంబరు అంటారు. ఒక్కో ఆడమనిషి నంబరు మీద ఇంటి పడవలన్నీ ఉంటాయి. కాళమ్మ నంబరు మీద మూడున్నాయి: మొగుడు పోలిరాజుది, కొడుకు పైడిబాబుది, సీతాలు మొగుడు అప్పయ్యది. అప్పయ్యది తగువుకి ముందు రాయించిన నంబరు. దాన్ని మార్చాలంటే అక్కాచెల్లెళ్ళు ఒకసారి మాట్లాడుకోవాలి, కాబట్టి అది మారలేదు.

దుర్గ కోడ్ రాసినప్పుడు పడవని దాని రిజిస్ట్రేషన్ నంబరుతో గుర్తుపట్టేలా రాసింది. ఫోన్ నంబరు ఎన్ని పడవలకైనా ఉండొచ్చు. గోపినాథ్ చేతికి వచ్చాక "శుభ్రం చేస్తున్నా" అని ఒక నంబరుకి ఒకే పడవ అని షరతు పెట్టాడు. అతనూ ఇక్కడే పుట్టిన తెలుగువాడే కానీ తాతల కాలం నుంచి వాళ్ళింట్లో ఆఫీసు ఉద్యోగాలే. అతనికి ఒడ్డు నంబరు సంగతి దుర్గ చెప్పింది కూడా. "డేటాబేస్ పాఠాలు చేపల తట్టలోంచి వస్తాయా?" అన్నాడు, అందరి ముందూ.

కాబట్టి జరిగింది ఇది. సర్వర్ మూడు పడవలూ పంపింది. ఫోన్ మొదటిది రాసుకుంది. రెండోదానికీ అదే నంబరు ఉండేసరికి డేటాబేస్ ఒప్పుకోలేదు, రాసిన మొదటిదాన్ని కూడా వెనక్కి తీసేసింది. ఆ ఒప్పుకోకపోవడాన్ని కోడ్‌లో ఎవరూ పట్టుకోలేదు, యాప్ కూలింది. తెరిచిన ప్రతిసారీ ముందు చేసే పని జాబితా తెచ్చుకోవడమే కాబట్టి తెరిచిన ప్రతిసారీ కూలుతుంది. మేము కల్పించిన పడవలకి ఒక్కోదానికీ ఒక్కో నంబరు కల్పించాం, అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు. అసలు జాబితాలో ఇంటికి రెండు మూడు పడవలు లేని ఆడమనిషి అరుదు.

"చెప్పేద్దాం పద," అన్నాను.

"చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచిస్తున్నా దీదీ," అంది. "వేదిక మీద అతను డెమో నంబరుతో చూపిస్తాడు, దానికి ఒక్కటే పడవ. అతనిది పనిచేస్తుంది. కింద వీళ్ళందరివీ కూలతాయి. నెట్‌వర్క్ ప్రాబ్లం అంటాడు. సాయంత్రానికి, పరీక్షించింది దుర్గ కదా అంటాడు. మళ్ళీ నేనే." జూన్ తర్వాత గణేశ్వరరావు గారు ఒక నియమం పెట్టారు, దుర్గ టిక్ పెట్టనిదే రిలీజ్ లేదని. "ఊరుకుంటే నా మెడకే. చెప్తే ఊరికే చెప్పినట్టు. ఊరికే చెప్పను."

ఐసు పెట్టె మీదే కూర్చుని సరిచేసింది. ఆ షరతు తీసేసింది. తీసేస్తే సరిపోదు, గోపినాథ్ మార్చాక ప్రయోగం కోసం పంపిన యాప్ ఉన్న ఫోన్లలో పాత షరతు అలాగే ఉంటుంది. అందుకని డేటాబేస్ వెర్షన్ ఒకటి పెంచి, పాత ఫోన్లలో కూడా దాన్ని తీసేసే నాలుగు వరుసలు రాసింది. వాళ్ళమ్మ ఫోన్లోంచి యాప్ తీసేసి, తన లాప్‌టాప్‌లో తయారైనది ఎక్కించింది. మూడు పడవలూ వరుసగా వచ్చాయి. పోలిరాజుది, అప్పయ్యది ఆకుపచ్చ. పైడిబాబుది నీలం. అతను తెల్లారకుండా వెళ్ళాడు, సాయంత్రానికి రావాలి.

కానీ తన లాప్‌టాప్‌లో తయారైనది జనానికి ఇవ్వడానికి లేదు. దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం పడాలి, అది లేకపోతే పాత యాప్ ఉన్న ఫోన్లు ఒప్పుకోవు. ఆ సంతకం తాళం గోపినాథ్ లాప్‌టాప్‌లో ఉంది. మందు ఆమె దగ్గర, మూత అతని దగ్గర.

షామియానా వెనక గోపినాథ్ ప్రొజెక్టర్ వైర్లతో తంటాలు పడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. దుర్గ ఆ ఎర్ర వరుసలు చూపించింది. చదివాడు, చేతిలో వైర్లు కింద పడేశాడు.

"అరే యార్, అబ్ బతా రహీ హై? ఇప్పుడా చెప్పేది?"

"అసలు జాబితా ఇప్పుడే కదా ఎక్కింది. నేను టిక్ పెట్టలేను."

"పెట్టకపోతే ఎలా? గెస్టులు వచ్చేస్తున్నారు. ఫిక్స్ చేశావా?"

"చేశాను. మా అమ్మ ఫోన్లో చూశాను, మూడూ వస్తున్నాయి. ఇస్తాను." దుర్గ గొంతు ఇంకా తగ్గింది. "జూన్‌లో గ్రూపులో రాశావు కదా భయ్యా. అదే గ్రూపులో ఇప్పుడు రాయి. ఆ తేదీ పెట్టింది నేను, తప్పు నాది అని. రాసిన మరుక్షణం ఇస్తాను."

గోపినాథ్ ఆమె వంక చూసిన చూపు నేను మర్చిపోను. అంత పెద్దమనిషికి ఏడుపు వచ్చేలా ఉంది, కోపం వచ్చేలా కూడా ఉంది. కోపమే గెలిచింది. "బ్లాక్‌మెయిల్ చేస్తున్నావా? ఒక్క మాట మార్చితే పోయే దానికి?" అని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కొత్త వరుస పాతదానితో గొడవపడితే ఏం చెయ్యాలి అన్న చోట, ఆపెయ్యి అన్నది తీసేసి, మార్చెయ్యి అని పెట్టాడు. నిజంగానే ఒక్క మాట.

దుర్గ చూస్తూ నిలబడింది. "అది పెడితే ఏమవుతుందో తెలుసా?" అంది.

"క్రాష్ పోతుంది. ఇంకేం కావాలి నీకు?"

దుర్గ ఇంకేమీ అనలేదు. అతనికి ఒక అవకాశం ఇచ్చింది, అంతకన్నా ఎక్కువ ఇచ్చేంత మంచితనం ఆమెలో ఆ వేళ లేదు. అతను సంతకం వేసి కొత్త యాప్ సర్వర్‌లో పెట్టాడు. "ఇప్పుడు చూసుకో. కూలకపోతే టిక్ పెట్టు," అన్నాడు.

మేము మళ్ళీ అరుగు దగ్గరికి వెళ్ళాం. దుర్గ వాళ్ళమ్మ ఫోన్లో తనది తీసేసి అతనిది ఎక్కించింది. నాకు కనిపించకుండా కాస్త పక్కకి తిరిగి చూసుకుంది. తర్వాత తన ఫోన్ తీసి టిక్ పెట్టింది. వివరం దగ్గర ఒకే మాట రాసింది: "తెరిస్తే కూలడం లేదు."

"బాగైపోయిందా?" అన్నాను.

"కూలడం లేదు," అంది. యాప్ మూసేసి ఫోన్ వాళ్ళమ్మకి ఇచ్చేసింది.

మార్చెయ్యి అంటే ఏమిటో నాకు తర్వాత తెలిసింది. డేటాబేస్ మొదటి పడవని రాసుకుంటుంది. అదే నంబరుతో రెండోది రాగానే మొదటిదాన్ని చెరిపేసి రెండోదాన్ని పెడుతుంది. మూడోది రాగానే రెండోదాన్ని చెరిపేస్తుంది. గొడవ లేదు, చప్పుడు లేదు, కూలడం లేదు. చివరికి ఒక్క పడవ మిగులుతుంది. దుర్గకి ఇది తెలుసు, కళ్ళతో చూసింది కూడా. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఫోన్లు ఎత్తి మా పడవలేవి అని గోపినాథ్‌ని వేదిక మీద నిలదీయాలని ఆమె కోరిక. క్రాష్ అయితే నెట్‌వర్క్ అని తప్పించుకుంటాడు. పడవలు లేకపోతే ఏమంటాడు? అదీ ఆమె లెక్క. లెక్కలో ఒకటి మరిచిపోయింది.

నాలుగింటికి షామియానా నిండిపోయింది. కాళమ్మ, సీతాలు ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. దుర్గ వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. పెళ్ళికి తయారైనట్టు ఉంది ముఖం. గోపినాథ్ మైకు అందుకుని హిందీలో చక్కగా మాట్లాడాడు. డెమో పడవని నీలంలోంచి ఆకుపచ్చలోకి మార్చాడు, చప్పట్లు కొట్టారు. "అబ్ ఆప్ లోగ్ అప్‌నే అప్‌నే ఫోన్ మే ఖోలియే," అన్నాడు, ఇక ఎవరి ఫోన్లో వాళ్ళు తెరవమని.

ఆడవాళ్ళు క్యూఆర్ కోడ్ దగ్గర గుమిగూడారు. కాళమ్మ ఫోన్లో యాప్ ముందే ఉంది, కూర్చున్న చోటే తెరిచింది. నేను ఆమె వైపే చూస్తున్నాను. ఆమె వేలు స్క్రీన్ మీద పైకి జరిపింది, కిందికి జరిపింది. మళ్ళీ పైకి. తర్వాత లేచి నిలబడింది.

"నా గుంటడి బోటేది?"

ఎవరికీ వినపడలేదు. రెండోసారి అరిచింది. "ఒలే, నా పైడిబాబు బోటు తీసేసినారే! ఆడి పేరు తీసేసినారే!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. దుర్గకి కూడా అదే క్షణంలో గుర్తొచ్చి ఉంటుంది, కట్టుకున్న చేతులు విడిపోయాయి. యాప్ ఎలా వాడాలో నేర్పడానికి పెట్టిన శిక్షణలో గోపినాథ్ హిందీలో చెబితే దుర్గ తెలుగులో చెప్పింది. నీలం అంటే సముద్రం మీద ఉన్నట్టు. ఆకుపచ్చ అంటే ఒడ్డున ఉన్నట్టు. ఎరుపు అంటే ఆలస్యమైనట్టు. "మరి పేరే లేపోతే?" అని ఎవరో ముసలావిడ అడిగింది. "మునిగిపోయిన బోటు, అమ్మేసిన బోటు, ఆటి పేర్లు సంఘం తీసేస్తాది," అని చెప్పింది దుర్గే. పైడిబాబు బోటు అమ్మలేదు. తెల్లారకుండా వెళ్ళింది. సముద్రం మీద ఫోన్ పనిచెయ్యదు.

దుర్గకి అది ఒక వరుస. చెరిగిపోతుంది, మళ్ళీ వస్తుంది. సర్వర్‌లో ఏ పడవా పోలేదు, ఆ ఫోన్లోనే పోయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళం షామియానా మొత్తంలో ముగ్గురమో నలుగురమో.

తర్వాత ఒక్కొక్కరే. "మాయన బోటు కూడా లేదే!" "నా తమ్ముడిదేది?" క్యూఆర్ దగ్గరున్న ఆడవాళ్ళు జెట్టీ వైపు పరుగెత్తారు. వేదిక మీద గోపినాథ్ మైకు పట్టుకుని "టెక్నికల్ ఇష్యూ హై, టెక్నికల్ ఇష్యూ" అంటూనే ఉన్నాడు. ఎవరో చెప్పు విసిరారు, అది అతని ఇస్త్రీ చొక్కాకి తగిలింది. దుర్గ ఇన్నాళ్ళూ కలగన్న దృశ్యం అదే. ఆమె అటు చూడలేదు. కాళమ్మ నేల మీద కూలబడింది. ఆమె ఫోన్లో ఒక్కటే పేరు మిగిలింది, అప్పయ్య బోటు. బెంచీ మీద వదిలిన జాగా దాటి సీతాలు వచ్చి ఆమెని పట్టుకుంది.

దుర్గ తల్లి దగ్గరికి పరిగెత్తి, "అమ్మా, ఏం కాలేదు, అది యాప్‌లో తప్పు, అన్నకేం కాలేదు" అంది. కాళమ్మకి ఎక్కలేదు. ఫోన్ అబద్ధమాడుతోందన్న కూతురి మాట నమ్మాలా, మునిగిన బోటు పేరు పోతుందన్న అదే కూతురి మాట నమ్మాలా? దుర్గ లేచి షామియానా వెనక్కి పరుగెత్తింది. గోపినాథ్ అప్పటికే వేదిక దిగాడు. తన మార్పులున్న ఫోల్డర్ అతని లాప్‌టాప్‌లోకి పంపింది. గ్రూపులో రాయమని అడగలేదు. "సంతకం వెయ్యి. తొందరగా," అంది. అతను పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. యాప్ తయారయ్యే ఆ నాలుగు నిమిషాలు స్క్రీన్ మీద జరుగుతున్న గీతని ఇద్దరూ చూస్తూ ఉన్నారు.

గణేశ్వరరావు గారు వాళ్ళ వెనక నిలబడి ఉన్నారు. ముసలాయన అరవలేదు.

"ఈ అమ్మాయి నీకు ముందే చెప్పిందా గోపీ?"

"చెప్పింది సార్. క్రాష్ అవుతోందని. ఫిక్స్ ఉందంది. కానీ..."

"కానీ?"

"జూన్‌లో తప్పు నాదని గ్రూపులో రాస్తేనే ఇస్తానంది."

"నీదేనా?"

గోపినాథ్ తల ఊపాడు. ఆయన "రాయి," అన్నారు. తర్వాత దుర్గ వైపు తిరిగారు. "నువ్వు టిక్ ఎందుకు పెట్టావమ్మా?"

దుర్గ స్క్రీన్ వైపు వంగింది.

కొత్త యాప్ ఎక్కింది. నేనూ దుర్గా ఒక్కో ఫోనూ చేతిలోకి తీసుకుని ఎక్కించుకుంటూ తిరిగాం. సర్వర్ నుంచి జాబితా దిగడం, చెరిగిన పేర్లన్నీ వచ్చి కూర్చోవడం. జెట్టీ దగ్గర ఏడుపులు ఆగి తిట్లు మొదలయ్యాయి. తిట్లు వింటే ప్రాణం లేచొచ్చింది నాకు. కాళమ్మ ఫోన్లో మూడు పేర్లు వచ్చాయి, పైడిబాబుది నీలం. ఆమె ఆ నీలాన్ని చూసింది, నమ్మలేదు. జెట్టీ చివర కూర్చుని సముద్రం వంక చూస్తూ ఉండిపోయింది. సీతాలు పక్కనే కూర్చుంది. దుర్గ వెనక నిలబడింది, దగ్గరికి వెళ్ళలేదు.

ఎండ వాలాక పైడిబాబు బోటు వచ్చింది. తాడు విసురుతూ, "ఏటి, ఇంతమంది నా కోసమేనా? ఏ సేప పడ్డాదనుకున్నారు?" అని నవ్వాడు. కాళమ్మ లేచి వెళ్ళి కొడుకు వీపు మీద రెండు దెబ్బలు వేసింది, తర్వాత అతని తడి బనీను పట్టుకుని ఏడ్చింది.

ఏడుపు అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని దుర్గ వైపు తిరిగింది.

"ఆడి పేరు పోతాదని నీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పేయవచ్చు. నేను పక్కనుంచి కళ్ళతో అదే చెప్పాను. దుర్గకి దాచుకోవడం వచ్చు కానీ తల్లి ముందు అబద్ధం రాదు.

"తెలుసమ్మా," అంది. "ఆ గోపినాథ్ మీద కసితో..."

సరిగ్గా అప్పుడు ఆమె చేతిలో ఫోన్ మోగింది. గ్రూపు. గోపినాథ్ రాశాడు: "జూన్‌లో ఆ తేదీ పెట్టింది నేను. దుర్గ తప్పు లేదు. తప్పు నాది." సంఘం పెద్దలు, ఆఫీసు వాళ్ళు, అందరూ చూస్తున్నట్టు దాని కింద బొటనవేలి గుర్తులు పడుతున్నాయి. ఇన్ని నెలలు ఆమె ఎదురుచూసిన మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా. దుర్గ ఫోన్ వాళ్ళమ్మ వైపు చాచింది, చదవమన్నట్టు.

కాళమ్మ ఆ ఫోన్ వంక చూడలేదు. దుర్గ వంక కూడా చూడలేదు. పక్కన నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగింది.

"సీతాలూ," అంది, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి పేరు పెట్టి పిలిచి. "ఈ అమ్మాయికి సెప్పు. ఇంటికెల్లి అన్నం ఒండుకోమని."